సర్వర్ కొందరికే అందనప్పుడు హోస్టింగ్ వాళ్లకు ఏం రాసి పంపాలి?

ప్రశ్న: "మా వీపీఎస్ సింగపూర్‌లో ఉంది. ఈరోజు పొద్దున్నుంచి విజయవాడ, గుంటూరు వైపు కొందరికి సైట్ ఓపెన్ అవ్వట్లేదు. హైదరాబాద్‌లో నాకూ, అమెరికాలో మా కస్టమర్లకూ బాగానే వస్తోంది. టికెట్ పెడితే 'సర్వర్ ఆన్‌లోనే ఉంది, మా వైపు సమస్య లేదు, మీ ఐఎస్‌పీని అడగండి' అన్నారు. ట్రేస్‌రూట్ స్క్రీన్‌షాట్ కూడా పంపాను. ఇంకేం పంపాలి?"

జవాబు:

అవతలి వైపు నుంచి తీసిన ట్రేస్‌రూట్ కూడా పంపాలి. మీరు పంపినది కస్టమర్ ఇంటి నుంచి సర్వర్ దాకా వెళ్లే దారి. సర్వర్ నుంచి ఆ కస్టమర్ ఐపీకి తిరిగి వచ్చే దారి వేరు, దాన్ని సర్వర్ మీద కూర్చునే తీయాలి. ఈ రెండూ ఒకే పది నిమిషాల్లో తీసినవై ఉండాలి, ప్రతిదానికీ యూటీసీలో టైమ్ ఉండాలి. వాటితో పాటు ప్యాకెట్ ఏ దిశలో పోతోందో చూపించే `tcpdump` లైన్లు నాలుగైదు, బాగా పనిచేస్తున్న ఒక చోటు నుంచి అవే టెస్టులు పెట్టండి. ఇవన్నీ ఒకే మెసేజ్‌లో, స్క్రీన్‌షాట్లుగా కాకుండా టెక్స్ట్‌గా ఉంటే, మొదటి వరుస సపోర్ట్ వాళ్లు దాన్ని వాళ్ల నెట్‌వర్క్ టీమ్‌కి పంపక తప్పదు.

ఇంకో మాట. టికెట్‌లో "విజయవాడలో రావట్లేదు" అని రాయకండి. రూటర్లకు ఊళ్లు తెలియవు, వాటికి తెలిసింది ఐపీ బ్లాకులే, అంటే వరుస ఐపీల గుంపులే. అదే విజయవాడలో ఒకే ఐఎస్‌పీ కనెక్షన్ ఉన్న పక్కపక్క ఇళ్లలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు, ఇద్దరి ఐపీలూ వేర్వేరు బ్లాకుల్లో ఉంటే. కాబట్టి ఏ బ్లాకుకు రావట్లేదో పట్టుకోవడమే అసలు పని.

ఒక వైపు ట్రేస్‌రూట్ ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది

ట్రేస్‌రూట్ చేసే పని తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ప్యాకెట్ ఎన్ని రూటర్ల దాకా వెళ్లొచ్చో చెప్పే సంఖ్య టీటీఎల్. ట్రేస్‌రూట్ టీటీఎల్ 1తో ఒక ప్యాకెట్, 2తో ఇంకొకటి, అలా పెంచుకుంటూ పంపుతుంది. ప్రతి రూటరూ టీటీఎల్‌ను ఒకటి తగ్గిస్తుంది. సున్నాకు వచ్చిన చోట ఆ రూటర్ ప్యాకెట్‌ను పడేసి, "ఇక్కడ టైమ్ అయిపోయింది" అని పంపినవాళ్లకు ఒక ఐసీఎంపీ జవాబు ఇస్తుంది. మనకు తెర మీద కనిపించే వరుస ఆ జవాబే.

ఆ జవాబు మన దగ్గరికి ఏ దారిన వస్తుంది? మన ప్యాకెట్ వెళ్లిన దారినే రావాలని ఎక్కడా లేదు. ఒక్కో రూటర్ తనకు తెలిసిన రూట్ ప్రకారం దాన్ని పంపుతుంది. ఇంటర్నెట్‌లో వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి కావడం మామూలే. మీ కస్టమర్ ఐఎస్‌పీ, నెట్‌వర్క్‌ల మధ్య ట్రాఫిక్ మోసే ఒక ట్రాన్సిట్ కంపెనీ ద్వారా సింగపూర్‌కి పంపుతుంటే, సింగపూర్ హోస్టింగ్ వాళ్లు ఇంకో ట్రాన్సిట్ ద్వారా తిరిగి పంపుతూ ఉండొచ్చు.

ఇప్పుడు ఆ తిరుగు దారి తెగిందనుకోండి. కస్టమర్ తీసిన ట్రేస్‌లో మొదటి నాలుగు హాప్‌లూ, అంటే దారిలోని మొదటి నాలుగు రూటర్లూ, చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ రూటర్ల జవాబులు వేరే దారిన వస్తున్నాయి. ఐదోది హోస్టింగ్ వాళ్ల రూటర్. కస్టమర్ ప్యాకెట్ దానికి చేరింది, అది జవాబూ ఇచ్చింది, కానీ ఆ జవాబు తెగిన దారిలోకి వెళ్లి పోయింది. తెర మీద మాత్రం నక్షత్రాలే కనిపిస్తాయి. చూసినవాళ్లకు "ట్రాన్సిట్ దగ్గర ఆగిపోయింది, హోస్టింగ్ దాకా రానే లేదు" అనిపిస్తుంది. అందుకే హోస్టింగ్ వాళ్లు ఐఎస్‌పీని అడగమంటారు. ఐఎస్‌పీ వాళ్లు అదే ట్రేస్ చూసి "మా నెట్‌వర్క్ దాటి బయటికి వెళ్తోంది కదా" అంటారు. ఆ ట్రేస్ ఒక్కటే చూస్తే ఇద్దరి మాటా సబబుగానే ఉంటుంది, మధ్యలో మీ సైట్ ఆగి ఉంటుంది.

నేను చూసుకునే ఒక క్లయింట్ సర్వర్‌కు సరిగ్గా ఇదే వచ్చింది. అదీ సింగపూర్‌లోనే, ఇబ్బంది పడినవాళ్లు కోస్తా జిల్లాల్లో ఒక బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు. ఆ కేసునే వరుసగా చెబుతాను. ఐపీలు, ఒక్కో నెట్‌వర్క్‌ను గుర్తించే ఏఎస్ నంబర్లు, తేదీ మార్చాను. కింద కనిపించే నంబర్లు ఉదాహరణల కోసం విడిగా ఉంచినవి. 203.0.113.x హోస్టింగ్ వాళ్లది, 198.51.100.x కస్టమర్ ఐఎస్‌పీది, 192.0.2.x మధ్యలో ఉన్న ట్రాన్సిట్ కంపెనీలది అనుకోండి.

కస్టమర్ దగ్గర నుంచి ఏం తీసుకోవాలి

కస్టమర్ అంటే కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లే అవ్వాలని లేదు. ఓపికగా ఫోన్‌లో ఉండి చేయిస్తే ఐదు నిమిషాల పని. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ నాలుగు లైన్లు కొట్టించి, వచ్చిందంతా కాపీ చేసి వాట్సాప్‌లో పంపమనండి. `example.com` ఉన్నచోట మీ సైట్ పేరు పెట్టండి.

```
(Get-Date).ToUniversalTime()
curl.exe -4 https://ifconfig.me
curl.exe -4 -v --connect-timeout 10 https://example.com/
tracert -4 -d 203.0.113.20
```

రెండో లైన్ ఎందుకంటే, వాళ్ల రూటర్ పేజీలో కనిపించే ఐపీ పనికిరాకపోవచ్చు. చాలా ఐఎస్‌పీలు ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎంతో మందిని పెడతాయి. అప్పుడు రూటర్‌లో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే ఐపీ కనిపిస్తుంది, అది బయటి ప్రపంచానికి తెలియదు. మీ సర్వర్ చూసే పబ్లిక్ ఐపీయే మనకు కావాలి.

ప్రతి చోటా `-4` పెట్టడం మరిచిపోకండి. "అదే ఇంట్లో ఫోన్ డేటాతో వస్తోంది, వైఫైతో రావట్లేదు" అనే మాట తరచూ వింటాం. మన దగ్గర మొబైల్ డేటాలో ఐపీవీ6 బాగా వాడకంలో ఉంది. మీ సర్వర్‌కు ఐపీవీ6 అడ్రస్ కూడా ఉంటే, ఆ ఫోన్ అసలు వేరే ప్రొటోకాల్ మీద, పూర్తిగా వేరే దారిన వస్తూ ఉండొచ్చు. రెండూ కలిపేసి రాస్తే అవతలివాళ్లు తికమకపడతారు.

కస్టమర్ దగ్గర లైనక్స్ మెషీన్ గానీ మ్యాక్ గానీ ఉంటే ఇంకా మంచిది. `mtr` ఇన్‌స్టాల్ చేసి ఇది నడపమనండి.

```
sudo mtr -4 -rwzbc 100 -T -P 443 203.0.113.20
```

`-T -P 443` అంటే మామూలు పింగ్ ప్యాకెట్లతో కాకుండా, వెబ్‌సైట్ వాడే టీసీపీ 443 పోర్ట్ మీదే వెతుకుతుంది. దారిలో ఎవరైనా పింగ్‌ను ఆపేసినా ఇది మోసపోదు. `-z` ప్రతి హాప్ పక్కన అది ఏ నెట్‌వర్క్‌దో ఏఎస్ నంబర్ చూపిస్తుంది. మా కేసులో వచ్చినది ఇలా ఉంది, అనవసరమైన వరుసలు తీసేశాను:

```
Start: 2024-08-13T03:42:10+0000
                          Loss%  Snt   Avg
1. AS???    192.168.1.1    0.0%  100   1.2
2. AS64496  198.51.100.1   0.0%  100   4.8
3. AS64496  198.51.100.9  38.0%  100  13.1
4. AS64498  192.0.2.13     0.0%  100  46.7
5. AS???    ???          100.0%  100   0.0
```

మూడో వరుసలో 38 శాతం లాస్ చూసి చాలామంది అక్కడే పట్టుకుంటారు. అది సమస్య కాదు. నాలుగో హాప్‌లో లాస్ సున్నా, అంటే మూడోది దాటి వంద ప్యాకెట్లూ వెళ్లాయి, జవాబులూ వచ్చాయి. రూటర్లు తమ మీదుగా వెళ్లే ట్రాఫిక్‌ను హార్డ్‌వేర్‌లో పంపేస్తాయి గానీ, "టైమ్ అయిపోయింది" జవాబులు తయారుచేయడాన్ని తక్కువ ప్రాధాన్యంతో, లిమిట్ పెట్టుకుని చేస్తాయి. మధ్యలో ఒక హాప్‌లో కనిపించి తర్వాతి హాప్‌లలో కనిపించని లాస్‌ను టికెట్‌లో ప్రస్తావించకండి. నెట్‌వర్క్ ఇంజనీర్ అది చదవగానే మిగతా టికెట్ మీద కూడా నమ్మకం తగ్గిపోతుంది.

సర్వర్ మీద మొదట tcpdump

చాలామంది ఈ అడుగు వేయరు. నా అనుభవంలో టికెట్‌ను కదిలించేది ఇదే. కస్టమర్‌ను ఫోన్‌లో ఉంచి, మీకు పనిచేస్తున్న కనెక్షన్ నుంచి సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ అవ్వండి. ఇది నడిపి, కస్టమర్‌ను సైట్ ఓపెన్ చేయమనండి.

```
sudo env TZ=UTC tcpdump -tttt -ni eth0 \
  'host 198.51.100.77 and tcp port 443'
```

మీ సర్వర్‌లో ఇంటర్‌ఫేస్ పేరు `eth0` కాకపోవచ్చు, `ip a` కొడితే తెలుస్తుంది. మాకు వచ్చిన లైన్లు ఇవి, తేదీ తీసి కుదించాను:

```
03:44:02.118 198.51.100.77.51344 > 203.0.113.20.443 [S]
03:44:02.118 203.0.113.20.443 > 198.51.100.77.51344 [S.]
03:44:03.130 198.51.100.77.51344 > 203.0.113.20.443 [S]
03:44:03.130 203.0.113.20.443 > 198.51.100.77.51344 [S.]
03:44:05.146 198.51.100.77.51344 > 203.0.113.20.443 [S]
03:44:05.146 203.0.113.20.443 > 198.51.100.77.51344 [S.]
```

`[S]` అంటే కస్టమర్ కంప్యూటర్ "కనెక్ట్ అవుతాను" అని పంపిన సిన్ ప్యాకెట్. `[S.]` అంటే సర్వర్ "సరే" అని ఇచ్చిన జవాబు. ఆ జవాబు చేరి ఉంటే కస్టమర్ మూడో ప్యాకెట్ పంపి పని మొదలుపెట్టేవాడు. అలా కాకుండా ఒక సెకను ఆగి, తర్వాత రెండు సెకన్లు ఆగి, అదే పోర్ట్ నంబర్ 51344 నుంచి మళ్లీ సిన్ పంపుతున్నాడు. అంటే అతని ప్యాకెట్ సింగపూర్ చేరుతోంది, సర్వర్ జవాబిస్తోంది, ఆ జవాబు మాత్రం ఇంటికి చేరట్లేదు. తెగింది తిరుగు దారిలో. కస్టమర్ ఐఎస్‌పీ నుంచి సర్వర్‌కు వచ్చే దారి బాగానే ఉంది.

మీ దగ్గర ఇలాగే వస్తుందని లేదు. ఏం వచ్చిందన్నదాన్ని బట్టి ఎవరి దగ్గరికి వెళ్లాలో మారుతుంది.

`[S]` కనిపించి `[S.]` అసలు కనిపించకపోతే, గొడవ మీ సర్వర్‌లోనే. లోపలికి వచ్చే ప్యాకెట్లను `tcpdump` ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది, కాబట్టి ఫైర్‌వాల్ పడేసిన ప్యాకెట్ కూడా ఇక్కడ కనిపిస్తుంది. ఎక్కువసార్లు దీనికి కారణం, తప్పు లాగిన్‌లు చూసి ఐపీలను ఆపే `fail2ban` ఆ ఐపీని బ్లాక్ చేయడమో, దేశాలవారీ బ్లాక్ లిస్ట్‌లో ఆ ఐపీ తప్పుగా వేరే దేశం కింద ఉండటమో. పైన చెప్పినట్టు ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎంతో మంది ఉంటారు కనుక, ఒకరు పాస్‌వర్డ్ తప్పు కొట్టినా అందరికీ తలుపు మూసుకుపోతుంది. టికెట్ పెట్టేముందు మీ ఫైర్‌వాల్ రూల్స్ చూసుకోండి.

`[S]` కూడా కనిపించకపోతే, వచ్చే దారిలో తెగింది, లేదా హోస్టింగ్ వాళ్ల ఫైర్‌వాలో డీడాస్ ఫిల్టరో ఆపుతోంది. హోస్టింగ్ ప్యానెల్‌లో వేరుగా ఫైర్‌వాల్ పెట్టుకునే వీలుంటే ముందు అది చూడండి. ఈ కేసులో కస్టమర్ తీసిన ట్రేస్‌రూట్‌కే విలువ ఎక్కువ.

ఇక తిరుగు ట్రేస్

దిశ తెలిసింది కాబట్టి ఇప్పుడు సర్వర్ నుంచి కస్టమర్ పబ్లిక్ ఐపీకి ట్రేస్ తీయాలి. ఇక్కడ `-T -P 443` పెట్టకండి. ఇంటి రూటర్‌లో ఆ పోర్ట్ మీద వినేవాళ్లెవరూ ఉండరు. మామూలుగా నడపండి.

```
mtr -4 -rwzbc 100 198.51.100.77

Start: 2024-08-13T03:46:31+0000
1. AS64500  203.0.113.1     0.0%  100  0.4
2. AS64500  203.0.113.254   0.0%  100  0.9
3. AS64499  192.0.2.129     0.0%  100  1.6
4. AS???    ???           100.0%  100  0.0
```

కస్టమర్ ట్రేస్‌లో కనిపించిన ట్రాన్సిట్ AS64498. తిరుగు దారిలో కనిపించింది AS64499. వేరే కంపెనీ. కస్టమర్ తీసిన ట్రేస్‌లో దీని పేరే లేదు. ఆ ఒక్క ట్రేస్ పట్టుకుని ఎంతసేపు చూసినా దీన్ని కనుక్కోలేం.

అయితే ఈ ట్రేస్ ఒక్కటే చూపించి "ఇదిగో ఇక్కడ ఆగింది" అనడం చాలదు. ఇంటి రూటర్లు చాలావరకు పింగ్‌కు జవాబివ్వవు, ఐఎస్‌పీ లోపలి రూటర్లు కొన్ని మాట్లాడవు. అంతా బాగున్నా చివర్లో నక్షత్రాలే రావొచ్చు. అందుకే పోల్చి చూపించడానికి ఇంకోటి కావాలి. అదే ఐఎస్‌పీలో సైట్ బాగా వస్తున్న ఇంకో కస్టమర్ మాకు దొరికాడు, అతని ఐపీ వేరే బ్లాకులో ఉంది. సర్వర్ నుంచి అతనికి తీసిన ట్రేస్ 203.0.113.254 దాటాక AS64499లోకి వెళ్లకుండా AS64498లోకి వెళ్లి, చెన్నై మీదుగా ఐఎస్‌పీ లోపలి దాకా వరుసగా జవాబులతో కనిపించింది. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా ఒక్కటే: రెండో హాప్ తర్వాత ఎటు తిరిగింది అన్నది. అలాంటి కస్టమర్ దొరక్కపోతే సైట్ పనిచేస్తున్న మీ హైదరాబాద్ ఐపీతోనే పోల్చండి, కొంత బలం తగ్గినా పనికొస్తుంది.

కస్టమర్ ఐపీ ఏ బ్లాకులో ప్రకటించబడుతోందో ఇలా తెలుసుకోవచ్చు.

```
whois -h whois.cymru.com " -v 198.51.100.77"
```

ఇది ఏఎస్ నంబర్, నెట్‌వర్క్‌లు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే బీజీపీలో కనిపించే బ్లాక్ రెండూ ఇస్తుంది. ఇబ్బంది పడుతున్న ఇద్దరు ముగ్గురి ఐపీలు వేసి చూడండి. అందరూ ఒకే బ్లాకులోకి వస్తే టికెట్ సబ్జెక్ట్‌లో రాయాల్సింది ఆ బ్లాకే.

టైమ్ గురించి కొంచెం ఎక్కువగానే చెబుతాను

"పొద్దున్నుంచి" అనే మాటతో నెట్‌వర్క్ టీమ్ ఏమీ వెతకలేదు. వాళ్ల దగ్గర రూటర్ లాగ్‌లు, బీజీపీ మార్పుల రికార్డులు, మెయింటెనెన్స్ షెడ్యూళ్లు ఉంటాయి, అవన్నీ దాదాపు యూటీసీలోనే ఉంటాయి. మీరు ఒక నిమిషం చెప్పగలిగితే వాళ్లు నేరుగా ఆ నిమిషానికి వెళ్తారు. మన టైమ్ నుంచి అయిదున్నర గంటలు తీసేస్తే యూటీసీ. 9:12 అంటే 03:42. ఐఎస్‌టీ అని మాత్రం రాయకండి, ఆ మూడక్షరాలు ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లు కూడా వాడతారు.

సమస్య మొదలైన నిమిషం ఎక్కడ దొరుకుతుంది? మీ వెబ్ సర్వర్ లాగ్‌లోనే. ఆ బ్లాక్ నుంచి చివరిసారి సరిగ్గా వచ్చిన రిక్వెస్ట్ చూడండి.

```
grep '^198\.51\.100\.' /var/log/nginx/access.log | tail -1
```

మా కేసులో ఆఖరి లైన్ 02:57:41 యూటీసీ. మామూలుగా ఆ బ్లాక్ నుంచి నిమిషానికి పదుల రిక్వెస్టులు వచ్చే సైట్ అది, ఆ లైన్ తర్వాత ఒక్కటీ లేదు. కస్టమర్లు ఫోన్ చేయడం మొదలుపెట్టింది తొమ్మిది దాటాక. వాళ్ల మాట మీద "తొమ్మిది నుంచి" అని రాసి ఉంటే అరగంటకు పైగా తప్పు చోట వెతికేవాళ్లు. లాగ్ లైన్‌లో టైమ్ పక్కన `+0000` ఉందో `+0530` ఉందో చూసుకోండి.

సర్వర్ గడియారం సరిగ్గా ఉందని `timedatectl`లో ఒకసారి చూడండి, "System clock synchronized: yes" అని ఉండాలి. కస్టమర్ కంప్యూటర్ గడియారం అటూ ఇటూ ఉండొచ్చు, అందుకే పైన మొదటి లైన్‌లో టైమ్ ప్రింట్ చేయించాను. వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన టైమ్‌తో పోల్చుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది.

రెండు వైపులా ట్రేస్‌లు దగ్గర దగ్గరగా తీయాలనడానికీ కారణం ఇదే. రూట్లు మారుతుంటాయి. పొద్దున తీసిన ఒక ట్రేస్‌నూ సాయంత్రం తీసిన ఇంకోదాన్నీ జత చేస్తే అవి రెండు వేర్వేరు పరిస్థితులు అయిపోవచ్చు.

మేం పంపిన మెసేజ్

పంపింది ఇంగ్లిష్‌లోనే, వరుస అర్థమవడానికి తెలుగులో పెడుతున్నాను.

> సబ్జెక్ట్: 203.0.113.20 నుంచి 198.51.100.0/24కి తిరుగు దారి తెగింది, 2024-08-13 02:58 యూటీసీ నుంచి
>
> దయచేసి దీన్ని మీ నెట్‌వర్క్ టీమ్‌కు పంపండి. సర్వర్ పనిచేస్తోంది, మిగతా నెట్‌వర్క్‌ల నుంచి అందుతోంది. రీబూట్ అవసరం లేదు.
>
> 198.51.100.0/24 (AS64496) నుంచి ఎవరికీ టీసీపీ 443 కనెక్ట్ కావడం లేదు. ఆ బ్లాక్ నుంచి చివరి విజయవంతమైన రిక్వెస్ట్ 02:57:41 యూటీసీ. ఇది రాసే 03:58 యూటీసీకి సమస్య ఇంకా ఉంది. అదే AS64496లోని ఇంకో బ్లాక్‌కు సమస్య లేదు.
>
> సర్వర్‌లో 03:44 యూటీసీకి తీసిన ప్యాకెట్ క్యాప్చర్‌లో (కింద 1) సిన్ వస్తోంది, సిన్-యాక్ బయటికి వెళ్తోంది, క్లయింట్ సిన్ మళ్లీ పంపుతోంది. అంటే సర్వర్ ఫైర్‌వాల్ ఆపడం లేదు, వచ్చే దారి బాగుంది.
>
> కింద 2: క్లయింట్ నుంచి సర్వర్‌కు, 03:42 యూటీసీ. AS64498 మీదుగా వస్తోంది.
> కింద 3: సర్వర్ నుంచి క్లయింట్‌కు, 03:46 యూటీసీ. 203.0.113.254 నుంచి AS64499లోకి వెళ్లి 192.0.2.129 తర్వాత ఏ జవాబూ లేదు.
> కింద 4: సర్వర్ నుంచి పనిచేస్తున్న బ్లాక్‌కు, 03:49 యూటీసీ. అదే 203.0.113.254 నుంచి AS64498లోకి వెళ్లి చేరుతోంది.
>
> 203.0.113.254లో 198.51.100.0/24కి ఉన్న రూట్‌ను చూడగలరా? వీలైతే ఆ బ్లాక్‌ను AS64499 నుంచి తప్పించి వేరే అప్‌స్ట్రీమ్ మీదుగా పంపగలరా? క్లయింట్ ఐపీ 198.51.100.77, టెస్ట్ చేయడానికి మరో గంట అందుబాటులో ఉంటారు.

ఆ కింద నాలుగు ఔట్‌పుట్‌లు, ఏ వరుసా కత్తిరించకుండా, ప్రతిదాని పైన నడిపిన కమాండ్‌తో సహా.

ఇందులో రెండు వాక్యాలు ఎందుకు పెట్టానో చెప్పాలి. "రీబూట్ అవసరం లేదు" అనేది మొదటి వరుస సపోర్ట్ వాళ్ల కోసం. వాళ్ల చెక్‌లిస్ట్‌లో మొదట ఉండేది సర్వర్ ఆన్‌లో ఉందా, పింగ్ వస్తోందా అన్నదే. ఆ ప్రశ్నకు ముందే జవాబిస్తే ఒక రౌండ్ తగ్గుతుంది. చివరి పేరా నెట్‌వర్క్ ఇంజనీర్ కోసం. ఏ రూటర్, ఏ బ్లాక్, ఏ అప్‌స్ట్రీమ్ అని పేర్లతో అడిగితే అతను ఒక కమాండ్‌తో చూసి తేల్చగలడు. "త్వరగా పరిష్కరించండి, మా బిజినెస్ పోతోంది" అని రాస్తే అతను కొట్టగలిగే కమాండ్ ఏదీ అందులో ఉండదు.

వాళ్ల జవాబు ఇలా వచ్చింది. AS64499తో ఉన్న ఒక లింక్ మీద ఆ రాత్రి మెయింటెనెన్స్ జరిగింది, 02:58కి మళ్లీ పైకి వచ్చింది. వచ్చాక ఆ కంపెనీ ఈ బ్లాక్‌కు రూట్ తమ దగ్గర ఉందని ప్రకటిస్తోంది, కానీ ప్యాకెట్లు ఇస్తే లోపల ఎక్కడో పడేస్తోంది. హోస్టింగ్ రూటర్‌కు అది తెలిసే అవకాశం లేదు, రూట్ ఉందన్నారు కాబట్టి అటే పంపుతూ ఉంది. వాళ్లు ఆ బ్లాక్‌కు AS64498కి ప్రాధాన్యం పెంచారు, కాసేపట్లోనే కస్టమర్లకు సైట్ వచ్చింది. ట్రాన్సిట్ కంపెనీతో మిగతా సంగతి వాళ్లే చూసుకున్నారు. లాగ్‌లో 02:57:41 అన్న సంఖ్య లేకుంటే ఆ మెయింటెనెన్స్‌తో దీన్ని ఇంత త్వరగా ముడిపెట్టేవాళ్లు కాదని ఆ ఇంజనీరే రాశాడు.

మీ కేసు దీనికి భిన్నంగా ఉంటే

కస్టమర్‌కు కనెక్ట్ అవుతుంది గానీ పేజీ తిరుగుతూనే ఉంటుంది అనుకోండి. అంటే `tcpdump`లో సిన్, సిన్-యాక్, ఆ తర్వాతి ప్యాకెట్ కూడా కనిపించి, సర్వర్ పంపిన పెద్ద ప్యాకెట్లు మాత్రం మళ్లీ మళ్లీ వెళ్తుంటే, అది దారి తెగడం కాదు, ప్యాకెట్ సైజ్ సమస్య. ట్రేస్‌రూట్‌లు రెండు వైపులా శుభ్రంగా వస్తాయి, ఎందుకంటే అవి చిన్న ప్యాకెట్లు. సర్వర్ నుంచి ఇలా చూడండి, అవతలి ఐపీ పింగ్‌కు జవాబిచ్చేదై ఉండాలి.

```
ping -4 -M do -s 1472 198.51.100.77
ping -4 -M do -s 1400 198.51.100.77
```

1472కి ఐపీ, ఐసీఎంపీ హెడర్లు 28 బైట్లు కలిపితే 1500. 1400 వెళ్లి 1472 జవాబు లేకుండా పోతే, ఈ రెండు ఔట్‌పుట్‌లూ టికెట్‌లో పెట్టండి. పీపీపీఓఈ అనే పద్ధతి వాడే బ్రాడ్‌బ్యాండ్‌లలో ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజ్, 1492 ఉంటుంది, అక్కడ "ప్యాకెట్ పెద్దది" అని చెప్పే ఐసీఎంపీని ఎవరైనా ఆపేస్తే ఇలా అవుతుంది.

ఒకే బ్లాకులో కొందరికే, అదీ రిఫ్రెష్ కొడితే ఒకోసారి వస్తూ ఒకోసారి రాకుండా ఉంటే, సమాంతరంగా ఉన్న చాలా లింకుల్లో ఒకటి పాడై ఉండొచ్చు. రూటర్లు ఐపీలు, పోర్ట్ నంబర్ల కలయికను బట్టి ఏ లింక్ మీద పంపాలో ఎంచుకుంటాయి. అప్పుడు పనిచేసిన, పనిచేయని కనెక్షన్ల సోర్స్ పోర్ట్ నంబర్లు, టైమ్‌తో సహా కొన్ని జతలుగా ఇవ్వండి. `tcpdump`లో ఐపీ పక్కన కనిపించేవి అవే.

ఈలోపు కస్టమర్లకు సైట్ కావాలంటే

చాలామంది హోస్టింగ్ వాళ్లను కొత్త ఐపీ అడుగుతారు. తిరుగు దారి తెగినప్పుడు దానివల్ల ఉపయోగం లేదు, సర్వర్ ఐపీ ఏదైనా జవాబు వెళ్లాల్సింది అదే కస్టమర్ బ్లాక్‌కు, అదే తెగిన దారిన. వచ్చే దారిలో తెగి ఉంటే మాత్రం వేరే బ్లాక్ నుంచి ఇచ్చిన ఐపీ పనిచేయవచ్చు. రెండు సందర్భాల్లోనూ పనికొచ్చేది సైట్ ముందు సీడీఎన్ పెట్టడం. అప్పుడు కస్టమర్ మాట్లాడేది దగ్గర్లోని సీడీఎన్ సర్వర్‌తో, మీ సర్వర్ మాట్లాడేది సీడీఎన్‌తో, ఆ పాడైన దారి మీద ఎవరూ నడవరు. డీఎన్‌ఎస్ టీటీఎల్, అంటే పాత ఐపీని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయం, ఎక్కువగా పెట్టుకుని ఉంటే మార్పు అందరికీ చేరేసరికి ఆ మేరకు ఆలస్యం అవుతుంది, ముందే తగ్గించి ఉంచుకోండి.

కస్టమర్ల ఐపీలు టికెట్‌లో ఇవ్వండి గానీ ఇక్కడ బహిరంగంగా పెట్టకండి. మీ `tcpdump`లో ఏం కనిపించిందో, ఏ హాప్ తర్వాత ఎటు వెళ్తోందో ఐపీలు మార్చి కింద రాయండి, చూసి చెబుతాను. టికెట్ మాత్రం కొత్తది తెరవకండి. పాతదానికే జవాబుగా ఇవన్నీ జోడించండి. కొత్తది తెరిస్తే మళ్లీ మొదటి వరుసలోంచే మొదలవుతుంది. సైట్ తిరిగి వచ్చిన నిమిషం కూడా అదే టికెట్‌లో యూటీసీలో రాయండి, వాళ్లు ఏ మార్పు చేసినప్పుడు బాగైందో వాళ్లకు ఖాయంగా తెలుస్తుంది.